నాలుగు ఫోటోల్లో రిపోర్టు కవరు మీద పైపుల ఫోటోనే ఎందుకు పెట్టామంటే

"అక్కా, గ్రూపులో ఓటింగు పెడితే ఎక్కువమంది డ్రోన్ ఫోటోకే వేశారు. తీరా రిపోర్టు కవరు మీద పైపులు మోసుకెళ్లే ఫోటో వచ్చింది. అది బాగాలేదని కాదు, కానీ డ్రోన్ ఫోటో ముందు తేలిపోతోంది. మిగతా మూడూ ఎందుకు పోయాయో, ఇదే ఎందుకు ఉందో కాస్త వివరంగా చెప్తారా? ఫోటోలు తీసినవాళ్లు కూడా అడుగుతున్నారు."

అడగడమే మంచిదైంది. ప్రెస్సులో అచ్చయి వచ్చాక గొణుక్కునే కంటే ఇప్పుడే మాట్లాడుకుంటే నయం. డ్రోన్ ఫోటో నుంచే మొదలుపెడతాను, అసలు పేచీ దానితోనే కాబట్టి.

నాలుగింటిలోకీ అందమైనది అదే. అందులో నాకు రెండో మాట లేదు. ఎర్రనేల మధ్యలో నాలుగు పలకలుగా తవ్విన కుంట, నిండా నీళ్లు, గట్టు మీద చుక్కల్లా మేకలు. కానీ మన రిపోర్టు పేరు 'కుంట నిండింది, చేను తడిసిందా?' అని. ఆ పేరును ఆ ఫోటో మీద పెట్టి ఒకసారి చదవండి. ఫోటో పేరులోని మొదటి సగానికి జవాబు చెప్పి ఊరుకుంటోంది. కుంట నిండింది, అంతే. రెండో సగం గురించి చూసేవాడికి ఆలోచనే రాదు. అంత నిండు కుంట పక్కన చేను ఎండుతుందని ఎవరు అనుకుంటారు?

మనం అనంతపురం జిల్లా కంబదూరు, శెట్టూరు వైపు తిరిగినప్పుడు కళ్లారా చూసిందేమో దానికి సరిగ్గా ఎదురు సంగతి. ఆగస్టులో బెట్ట వచ్చింది. వేరుశనగ ఊడలు దిగే దశలో ఉంది. కాయ కట్టే ఆ ఊడ మట్టిలోకి దిగాలంటే పైమట్టి మెత్తగా ఉండాలి, గట్టిపడితే ఊడ పైనే ఆగిపోతుంది. ఆ వారం పది రోజుల్లో ఒక్క రక్షక తడి ఇవ్వగలిగితే పంట నిలబడుతుంది. కొన్ని చోట్ల కుంటలో నీళ్లు ఉండనే ఉన్నాయి. వాటిని చేనులోకి తెచ్చే ఇంజిన్ లేదు, పైపులు లేవు. ఒక ఎకరాకు 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే దాదాపు 40,000 లీటర్లు కావాలి. బిందెలతో, బకెట్లతో అయ్యే పని కాదు. కాబట్టి రిపోర్టు మొత్తం తిరిగేది కుంట చుట్టూ కాదు, కుంటకూ చేనుకూ మధ్యనున్న ఆ దూరం చుట్టూ.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ డ్రోన్ ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేసి కుడివైపు పైమూల చూడండి. అక్కడ వేరుశనగ చేను ఉంది. సాళ్ల మధ్య ఎర్రమట్టి గీతలు గీతలుగా కనబడుతోంది. ఆ వయసు పైరు నీళ్లు అందితే సాళ్లు కమ్ముకుని మట్టి కనబడనివ్వదు. అంటే మనం చెప్పదలుచుకున్న సంగతి ఆ ఫోటోలోనే ఓ మూలన ఉంది. కానీ అది మనకు కనబడుతుంది, మనం ఆ చేను గట్టున నిలబడ్డాం కాబట్టి. కలెక్టరేట్‌లో బల్ల మీద కవరు చూసేవారికి కనబడదు. కింద రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది కదా అని మీలో ఒకరు అన్నారు. నిజమే, కానీ కవరు మీద ఫోటో కింద వివరణ రాసే చోటు ఉండదు. వివరణ ఉంటేనే సరైన అర్థం వచ్చే ఫోటో లోపలి పేజీకి పనికొస్తుంది, కవరుకు రాదు.

ఇంకొకటి, మన జిల్లాలో ఇలాంటి ఫోటో ఇప్పటికే ఓ గుర్తుగా స్థిరపడిపోయింది. ఉపాధి హామీలో తవ్విన పంట కుంటల గురించి ఏ బ్రోచరు తీసినా, ఏ ఆఫీసు గోడ చూసినా నిండు కుంట ఫోటోనే ఉంటుంది. దాన్ని చూడగానే చదివేవారు 'ఎన్ని కుంటలు తవ్వారో చెప్పే రిపోర్టు' అనుకుని పక్కన పెడతారు. మనది ఆ రిపోర్టు కాదు.

నీళ్ల రంగు సంగతీ చెప్పాలి. ఎర్రనేలలో వాన నీళ్లు నిలిస్తే ఎర్రగా, టీ రంగులో ఉంటాయి. ఆ ఫోటోలో నీళ్లు నీలంగా ఉన్నాయి. ఎవరూ రంగు మార్చలేదు. నేను ఒరిజినల్ ఫైలు తెప్పించి చూశాను. డ్రోన్ నిట్టనిలువుగా కిందికి కాకుండా పక్కకు వాలి తీసింది కాబట్టి నీళ్ల మీద ఆకాశం పడింది. తప్పు లేదు. అయినా ఆ కుంట యజమాని చూస్తే 'ఇది మా కుంటేనా?' అంటాడు. రైతులకే నమ్మశక్యంగా లేని రంగును కవరు మీద పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఇది నా అభిప్రాయం, దీని ఒక్కదాని మీదే ఆ ఫోటోను తీసేసేదాన్ని కాదు.

ఓటింగు గురించి. మీ ఓటును పక్కన పెట్టానని కొందరికి కినుక ఉంది. ఓటు వేసింది ఫోన్లో, బొటనవేలి గోరంత బొమ్మలు చూసి, అదీ రిపోర్టు పేరు లేకుండా. వెలుగుతున్న తెర మీద నాలుగు చిన్న బొమ్మలు పక్కపక్కన పెడితే రంగు గట్టిగా ఉన్నదే గెలుస్తుంది. అందుకే నాలుగింటి మీదా పేరు, మన సంస్థ గుర్తు వేయించి, మామూలు ఆఫీసు ప్రింటర్లో నలుపు తెలుపులో తీసి గోడకు అంటించాం. నలుపు తెలుపులో ఎందుకంటే మన రిపోర్టులు ఎక్కువ చేతులు మారేది జిరాక్సుల రూపంలోనే. మండలాల్లో రంగుల కాపీ ఎవరూ తీయరు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే డ్రోన్ ఫోటోలో కుంట బూడిదరంగు పలకలా అయిపోయింది. అకౌంట్సులో ఉన్నాయన 'ఇది సోలార్ ప్యానలా?' అని అడిగాడు. పైపుల ఫోటోలో మాత్రం ఇద్దరు మనుషులు ఏదో మోసుకుని చేనుకు అడ్డంపడి పోతున్నారని అంత దూరం నుంచీ తెలిసింది.

పిక్సెళ్ల లెక్కలో డ్రోన్ ఫోటో ఓడిపోలేదని కూడా చెప్పాలి, ఎందుకంటే 'క్వాలిటీ లేదని తీసేశారట' అని ఎవరో అన్నారు. మన కవరు ఏ4. అంచులు కోయడానికి చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలితే 216 × 303 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కలు, అంటే 300 డీపీఐ రావాలంటే సుమారు 2550 × 3580 పిక్సెళ్లు కావాలి. డ్రోన్ ఫైలు 4000 × 3000, అడ్డంగా ఉంది. దాన్ని నిలువుకు కోస్తే 250 డీపీఐ దాకా వస్తుంది, అచ్చులో తేడా తెలియదు. ఇబ్బంది ఏమిటంటే నిలువుకు కోసినప్పుడు ఫోటో వెడల్పులో దాదాపు సగం పోతుంది. కుంట ఉంచితే చేను పోతుంది, చేను ఉంచితే కుంట సగం తెగుతుంది. ఏ రెండింటి మధ్య సంబంధం గురించి మనం రాశామో ఆ రెండూ ఒకే కవరులో పట్టవు.

ఇక పైపుల ఫోటో. అది మామూలు ఫోన్‌తో తీసింది, అందుకే చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నెమ్మదిగా చూడండి. ఒక మగమనిషి, వెనకాల ఒక ఆడమనిషి, భుజాల మీద స్ప్రింక్లర్ పైపులు. 6 మీటర్ల పైపు కాబట్టి మధ్యలో కాస్త వంగి ఉంది, ఆ వంపులోనే బరువు తెలుస్తోంది. వాళ్లకు ఎడమవైపు మట్టి ముదురు ఎరుపు, అక్కడ తడి అయిపోయింది. కుడివైపు మట్టి పాలిపోయి ఉంది, మొక్కల ఆకులు ముడుచుకుని ఉన్నాయి. వేరుశనగ నీళ్లు లేకపోతే ఆకుల్ని రెండు చేతులు జోడించినట్టు ముడుచుకుంటుంది. తడి, పొడి మధ్య గీత ఆ ఇద్దరి కాళ్ల కిందుగా పోతోంది. పైపులు ఎంతవరకు వెళ్తే తడి అంతవరకే. 40 పేజీల్లో మనం చెప్పిందంతా ఆ గీతలో ఉంది. పేరులోని ప్రశ్న దాని మీద పెడితే, జవాబు కళ్ల ముందే సగం అవునని, సగం కాదని కనబడుతుంది.

ఈ ఫోటో మీదా ఒక గట్టి అభ్యంతరం వచ్చింది, అది న్యాయమైనదే. మనం తిరిగిన ఊళ్లలో చాలామందికి పైపులే లేవు. మరి పైపులు మోసే ఫోటో పెడితే అందరికీ ఉన్నాయని అనుకోరా? దీని గురించి నేనూ చాలాసేపు తటపటాయించాను. ఒప్పుకున్నది రెండు కారణాలతో. మొదటిది, పొడి సగం అదే ఫోటోలో ఉంది. పని అయిపోయిందని కాక, పని నడుస్తోందని తెలుస్తుంది. రెండోది, ఆ పైపులు ఆ ఇద్దరి సొంతం కాదు. ఊళ్లో కొందరు రైతులు కలిసి కొనుక్కుని వంతులవారీగా వాడుకునే సెట్టు అది. చివరి అధ్యాయంలో మనం అడుగుతున్నది సరిగ్గా అలాంటి ఉమ్మడి సెట్ల గురించే. ఒకవేళ ఆ సెట్టు ఒక పెద్ద రైతుదై ఉంటే ఈ ఫోటోను వాడేదాన్ని కాదు.

పైభాగంలో తెల్లటి ఆకాశం బోసిగా ఉందన్నారు. ఫోటోల పోటీకైతే అది లోపమే. కవరుకు అదే కావాలి. తెలుగు పేరు రెండు వరుసల్లో వేయాలంటే వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు, తలకట్లకు తగులుతాయి. ఈ ఫోటోలో పై మూడో వంతు ఖాళీగా ఉంది కాబట్టి ముదురు రంగు అక్షరాలు నేరుగా ఫోటో మీదే కూర్చున్నాయి. డ్రోన్ ఫోటోలో అలా ఖాళీ లేదు. అక్కడ తెల్ల అక్షరాలు వేయాలి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు వేస్తే అచ్చులో సిరా కాస్త పాకి సన్నని ఒత్తులు పూడుకుపోతాయి. లేదంటే అక్షరాల వెనక నల్లటి పట్టీ వేయాలి, అప్పుడు ఆ అందమైన ఫోటో అందం ఎక్కడిది?

దీనికి లోపాలు లేకపోలేదు. ఫోటో కొద్దిగా ఒరిగి ఉంది. దాన్ని సరిచేస్తే అంచులు కొంత పోయాయి. అయినా 3000 × 4000 ఫైలు కాబట్టి కావలసిన కొలత మిగిలింది. కుడివైపు కింద ఒక ఎరువుల సంచి పడి ఉంది, కంపెనీ పేరుతో సహా. దాన్ని కంప్యూటర్లో చెరిపేద్దామని డిజైనర్ అన్నాడు. వద్దన్నాను. కోసుకోవచ్చు, వెలుతురు పెంచుకోవచ్చు, కానీ చేనులో ఉన్న వస్తువును లేనట్టు చేయకూడదన్నది మనం పెట్టుకున్న నియమం. ఒరుగు సరిచేసినప్పుడు ఆ మూల ఎలాగూ పోయింది కాబట్టి గొడవ తీరింది. ఆకాశం మరీ తెల్లగా ఉన్నచోట అచ్చులో సిరాయే పడదు, ఒట్టి కాగితం కనబడుతుంది. తెల్ల బల్ల మీద పెడితే కవరు పైఅంచు ఎక్కడో తెలియదు. అందుకని అక్కడ చాలా లేత బూడిదరంగు వేయమన్నాం.

నెర్రెలిచ్చిన నేల ఫోటో గురించి ఎక్కువ చెప్పను. అది ఎండిన చెరువులో తీసింది. అడుగున చేరిన జిగట ఒండ్రు ఎండితే అలా పలకలు పలకలుగా చీలుతుంది. నల్లరేగడి కూడా చీలుతుంది. మనం రాసింది వేరుశనగ వేసే ఎర్ర ఇసుకనేల గురించి. అది అలా నెర్రెలివ్వదు, పైన పొరలా గట్టిపడుతుంది. వ్యవసాయ శాఖ వాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు, ఆ తర్వాత లోపల ఎంత జాగ్రత్తగా రాసినా అనుమానంగానే చదువుతారు. కరువు అనగానే పేపర్లలో వేసే బొమ్మ అది, ఎక్కడిదైనా కావచ్చు.

పెద్దాయన ముఖం ఫోటో మాత్రం తీసేయడానికి మనసొప్పలేదు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మబ్బుల వైపు చూసే ఆ చూపు, ముడతల్లో పట్టిన ఎర్రదుమ్ము, ఎవరైనా ఒక క్షణం ఆగుతారు. తీసిన తమ్ముడికి చెయ్యి తిరిగిందని ఆ ఒక్క ఫోటో చెబుతుంది. కానీ మన సమ్మతి పత్రంలో ఆయన ఒప్పుకున్నది 'రిపోర్టు లోపల వాడుకోవచ్చు' అన్నచోట మాత్రమే. కవరు, పోస్టరు అన్న గడి ఖాళీగా ఉంది. 'ఫోన్ చేసి అడిగేద్దాం' అన్నారు. ఫోన్ చేస్తే ఆయన కాదనడు, అదే నా భయం. మన వెనకాల ఏదో పథకం వస్తుందని ఆశపడే మనిషి మొహమాటానికి సరే అంటాడు, దాన్ని సమ్మతి అనలేం. నాలుగో అధ్యాయంలో చేబదుళ్ల గురించి, వడ్డీల గురించి రాశాం. ఆయన పేరు ఎక్కడా లేకపోయినా ముఖం కవరు మీద ఉంటే, ఆ అప్పుల కథ ఆయనదే అనుకుంటారు. ఊళ్లో అప్పిచ్చినవాడూ అలాగే అనుకుంటాడు. పెళ్లికెదిగిన మనవరాలున్న ఇల్లు అది.

సమ్మతి ఉన్నా ఆ ఫోటో రిపోర్టుకు సరిపోయేది కాదనే అనుకుంటాను. మనం మబ్బు వైపు చూడమని చెప్పడం లేదు, పక్కనున్న కుంట వైపు చూడమంటున్నాం. పైగా ఆ ఫైలు మన దగ్గరికి వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చింది, 1200 × 1600కు కుదించుకుపోయి. కోసే అంచులతో కలిపి కవరు ఎత్తుకు సాగదీస్తే 135 డీపీఐ కూడా రాదు, ముడతలన్నీ మసకబారతాయి. ఫోన్ పాడై ఒరిజినల్ పోయిందట. ఇకనుంచి ఫీల్డు నుంచి పంపేటప్పుడు గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది.

పైపుల ఫోటోలో ఇద్దరి ముఖాలూ సరిగ్గా కనబడవు. అయినా ఊళ్లో వాళ్లకు నడక చూస్తే తెలిసిపోతుంది కాబట్టి, పేరు వేసిన కవరు నమూనాను ప్రింటు తీసి ఊరికి పట్టుకెళ్లి ఇద్దరికీ చూపించాం, పేరులో ఏం రాసి ఉందో చదివి వినిపించాం. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె మాత్రం 'ఆ రోజు ఇంజిన్ ఆగిపోయింది, సగం చేను మర్నాడే తడిపినాం, అది రాసినారా?' అని అడిగింది. రాయలేదు. ఇప్పుడు లోపలి అట్ట మీద ఫోటో వివరణలో ఆ వాక్యం చేర్చాం. వాళ్ల పేర్లు వద్దన్నారు, ఊరి పేరు వేయమన్నారు.

డ్రోన్ ఫోటో ఎక్కడికీ పోలేదు. రెండో అధ్యాయం మొదట్లో రెండు పేజీల మీదుగా అడ్డంగా వస్తుంది, మూలనున్న చేను వైపు చూపే వివరణతో సహా. కుంట సరిగ్గా మధ్య మడతలో పడకుండా కొంచెం ఎడమకు జరపమని చెప్పాను. పెద్దాయన ఫోటోను ఈ రిపోర్టులో ఎక్కడా వాడడం లేదు. ఫ్రేము కట్టించి ఆయనకు ఇచ్చి రావాలి, ఆ వైపు వెళ్లేవాళ్లు ఆఫీసులో అడిగి తీసుకెళ్లండి.

ప్రెస్సు నుంచి కవరు ప్రూఫు వస్తే రంగును తెరతో పోల్చి చూడకండి. తెర మీద కనబడే ఎరుపు సిరాలో రాదు, కాస్త ఇటుక రంగుకు దిగుతుంది, మ్యాట్ లామినేషన్ వేస్తే ఇంకొంచెం మందగిస్తుంది. చూడాల్సింది ఒక్కటే, తడిసిన మట్టికీ తడవని మట్టికీ తేడా ఇంకా తెలుస్తోందా అని. ఆ రెండూ ఒకే ఎరుపులో కలిసిపోతే అచ్చు ఆపించి, కుడివైపును కాస్త తేలిక చేయమని చెప్పండి. నేను ఊళ్లో లేకపోయినా నా కోసం ఆగొద్దు.